620 గ్రాముల బ్రాకెట్ సగం కావాలి: టోపాలజీ ఆప్టిమైజేషన్ ఇచ్చిన ఆకారాన్ని మిల్లింగ్‌కు పనికొచ్చేలా మళ్లీ గీయడం ఎలా?

ఓర్వకల్లు వర్క్‌షాప్
కర్నూలులో మాది చిన్న వర్క్‌షాప్. ఓర్వకల్లు వైపు సోలార్ పలకల మీద దుమ్ము తుడిచే బండ్లకు విడిభాగాలు చేసి ఇస్తాం. బండి ఒక వరుస తుడవడం పూర్తిచేశాక ఇద్దరు మనుషులు దాన్ని ఎత్తి పక్క వరుస మీద పెట్టాలి. ఏప్రిల్ ఎండలో ఆ పని దగ్గరుండి చూశాను. అప్పటినుంచి ప్రతి వంద గ్రాముల మీదా నాకు పట్టుదల పెరిగింది.

బండికి నాలుగు సహాయ చక్రాలు. ఒక్కొక్కదాన్ని ఒక L ఆకారపు అల్యూమినియం బ్రాకెట్ పట్టుకుంటుంది. లోహం 6061-T6. అడుగు పలక 100 × 60 మి.మీ., నిలువు పలక 100 మి.మీ. వెడల్పు, అడుగు మీద నుంచి 110 మి.మీ. ఎత్తు. రెండూ 12 మి.మీ. మందం. మూలల్లో చిన్న రిబ్బులు ఉన్నాయి. బరువు 620 గ్రాములు. అడుగున నాలుగు M8 బోల్టులు. నిలువు పలకలో ఇరుసు రంధ్రం, వెనక నట్టు. బండికి తలకిందులుగా బిగిస్తాం, గీయడానికి మాత్రం అడుగు కిందికి పెట్టుకున్నాను.

`FreeCAD`, `CalculiX`తో పాటు `beso` స్క్రిప్టు వాడి, బలం పెద్దగా నడవని చోట లోహం తీసేస్తూ సగం బరువు తగ్గించమన్నాను. నిలువు పలకలో జల్లెడలా బొక్కలు వచ్చాయి. ఆ STL ఫైలు మిల్లింగ్ చేసే ఆయనకు పంపితే, ఇది తన వల్ల కాదని తిప్పి పంపారు. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

నంద్యాల రోడ్డు
నేను మెకానికల్ చివరి సంవత్సరం చదువుతున్నాను, మా ప్రాజెక్టులో కూడా ఇదే చేశాం. STLను నేరుగా యంత్రానికి పంపకూడదండీ. `Part` లోకి వెళ్లి `Create shape from mesh` చేసి, దాన్ని సాలిడ్‌గా మార్చి STEP ఫైలుగా ఇస్తే సరిపోతుంది. ముందుగా ఆ త్రికోణాల మెష్‌ను కాస్త నునుపు చేసుకోండి.

చిప్పుల మేస్త్రి
వీఎంసీ మిల్లింగ్ యంత్రం మీద పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను. నంద్యాల రోడ్డు గారు చెప్పినట్టు తయారైన STEP ఫైళ్లు నాకు చాలా వచ్చాయి. పేరుకు సాలిడ్, తెరిస్తే ఎనభై వేల త్రికోణాలు ఎనభై వేల ముఖాలుగా ఉంటాయి. టూల్‌పాత్ వేయాలంటే ఏ ముఖాన్ని పట్టుకోవాలి? బోల్టు రంధ్రం కూడా గుండ్రంగా ఉండదు, పలకలు పలకలుగా ఉంటుంది. లోపలి మూల ఒకచోట 1.3 మి.మీ. వ్యాసార్ధం, మరోచోట 2.8. నా కట్టర్ అక్కడికి దూరదు. కొలత చూసుకోవడానికి ఒక్క చదునైన ముఖం లేకపోతే వైస్‌లో పట్టేది దేన్ని?

నునుపు చేస్తే ఇంకో నష్టం ఉంది. సన్నని కాళ్లు మరింత సన్నబడతాయి, బోల్టు ముఖాలు చదును తప్పుతాయి. చూడటానికి బాగుంటుంది, బిగించడానికి కుదరదు.

కొండారెడ్డి బురుజు
మేస్త్రి గారి మాట నిజం. అయితే అసలు లోపం అంతకంటే ముందే ఉంది. వర్క్‌షాప్ గారూ, మీరు ఆప్టిమైజేషన్‌కు ఇచ్చిన స్థలం పాత L బ్రాకెట్టే కదా? పలకలో ఉన్న లోహాన్ని తీయగలదు గానీ, పలక బయట లోహం పెట్టే వీలు దానికి లేదు. అందుకే జల్లెడ వచ్చింది. బ్రాకెట్‌కు దక్కే మొత్తం దిమ్మెను ఇవ్వండి: 100 × 60 × 122. అది దాదాపు 732 ఘన సెంటీమీటర్లు, రెండు కిలోలకు కాస్త తక్కువ. దానిలోంచి 310 గ్రాములు మిగలాలంటే నిష్పత్తి 0.16 దగ్గర ఉంటుంది, 0.5 కాదు.

దిమ్మె ఇచ్చే ముందు ముట్టుకోకూడని చోట్లు తీసేయాలి. బోల్టు తల మీదుగా పైకి పానా దిగే దారి, ఇరుసు నట్టు వెనక పానా తిరిగే చోటు. M8 తలకు పట్టే సాకెట్ బయటి వ్యాసం 18 మి.మీ. దగ్గర ఉంటుంది, కాబట్టి 22 మి.మీ. స్తంభం ఖాళీగా వదలండి. లేకపోతే లెక్క ప్రకారం చక్కని కాలు ఒకటి సరిగ్గా బోల్టు నెత్తిన వచ్చి కూర్చుంటుంది.

ఇంతకీ ఏయే లోడ్లు ఇచ్చారు?

ఓర్వకల్లు వర్క్‌షాప్
ఒక్కటే ఇచ్చాను సార్. చక్రం మీద పడే బరువు. కుదుపుతో కలిపి 400 న్యూటన్లు, నిలువు పలకకు 45 మి.మీ. బయట. పక్కకు తోసే బలం 150 న్యూటన్ల వరకు ఉండొచ్చు, ఇరుసు దగ్గర దాన్ని పెట్టి చూశాను, పెద్దగా తేడా రాలేదు.

కొండారెడ్డి బురుజు
పక్క బలం ఇరుసు దగ్గర పుట్టదు. చక్రం అంచు సోలార్ పలక ఫ్రేముకు తగిలే చోట పుడుతుంది. మీ చక్రం వ్యాసార్ధం ఎంత? 50 మి.మీ. అనుకుందాం. ఇరుసు అడుగు నుంచి 80 మి.మీ. ఎత్తులో ఉంటే, ఆ బలానికి మీట పొడవు 80 కాదు, 130. అంటే మూలం దగ్గర 12 కాదు, 19.5 న్యూటన్ మీటర్ల వంపు. దానికి బరువు వల్ల వచ్చే 18 కలిస్తే 37.5 అవుతుంది. సాఫ్ట్‌వేర్ మీరిచ్చిన చోటునే నమ్ముతుంది.

ఇంకొకటి. బండి ఒక సోలార్ పలక నుంచి పక్క పలకకు దాటేటప్పుడు సందులో చక్రం తగిలి ఆగబోతుంది కదా. ఆ క్షణంలో బలం ప్రయాణ దిశలో వస్తుంది. అది మీ జాబితాలోనే లేదు.

ఆదోని ట్రాక్టర్
నా అనుభవం చెబుతాను. మా రోటావేటర్ బ్రాకెట్ పగిలింది. బలం చాలలేదని ఒక రిబ్ అతికించి వెల్డింగ్ చేయించాను. నెల తిరక్కుండా రిబ్ ముగిసిన చోటే మళ్లీ పగిలింది. అందుకని లోహం తగ్గించే పని పెట్టుకోవద్దు. ఇనుము పెట్టండి, మందం పెంచండి.

కొండారెడ్డి బురుజు
ట్రాక్టర్ గారూ, ఇక్కడ ప్రశ్న పగుళ్లది కాదు, ఎత్తే బరువుది. అయినా మీరు చెప్పింది మాకు పనికొస్తుంది. రిబ్ పెట్టగానే అక్కడ గట్టిదనం పెరిగి బలమంతా దాని గుండా నడుస్తుంది. రిబ్ నిటారుగా తెగిపోయిన చోట ఆ బలమంతా ఒక్కసారిగా పలకలోకి దిగాలి. పగులు అక్కడే మొదలవుతుంది. రిబ్ చివరను ఏటవాలుగా సన్నబరిచి పలకలో కలిపేస్తే ఆ దెబ్బ తగ్గుతుంది. వర్క్‌షాప్ గారు మళ్లీ గీసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

నంద్యాల రోడ్డు
నాదో సందేహం. మూలం దగ్గర 37.5 న్యూటన్ మీటర్లకు 12 మి.మీ. పలకలో ఒత్తిడి లెక్కేశాను, 16 మెగాపాస్కల్స్ కూడా రాలేదు. 6061-T6 దాదాపు 276 దాకా సాగిపోదు. అలాంటప్పుడు ఆప్టిమైజేషన్ ఎందుకు? పలకను 6 మి.మీ. చేస్తే సరి కదా. 63 మెగాపాస్కల్స్ వస్తుంది, అయినా ఇబ్బంది లేదు.

కొండారెడ్డి బురుజు
లెక్క సరిగ్గా చేశారు, ప్రశ్న కూడా మంచిదే. కానీ ఈ బ్రాకెట్‌ను నడిపించేది బలం కాదు, వంగడం. చక్రం పక్కకు ఒరిగితే బండి వరుస మీద వంకరగా నడుస్తుంది. రిబ్బులు వదిలేసి ఉత్త పలకకు ఒరుగుదల కట్టి చూడండి. 12 మి.మీ. మందానికి ఇరుసు దగ్గర 0.15 డిగ్రీలు వస్తుంది. 6 మి.మీ.కు? మందం సగమైతే గట్టిదనం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. దాదాపు 1.2 డిగ్రీలు. ఒత్తిడి చూసి ధైర్యపడిన మనిషి ఒరుగుదల దగ్గర దొరికిపోతాడు.

లోహాన్ని పలకలో పరిచే బదులు పలకకు దూరంగా, లోతుగా నిలబెడితే తక్కువ బరువుకే గట్టిదనం వస్తుంది. ఎక్కడ నిలబెట్టాలో చూపించడమే ఈ ఆప్టిమైజేషన్ పని. దాని నుంచి ఆశించాల్సింది అంతే, తుది డ్రాయింగ్ కాదు.

ఓర్వకల్లు వర్క్‌షాప్
రెండు రోజులు పట్టింది, మళ్లీ నడిపాను. పూర్తి దిమ్మె, పానా దారులు ఖాళీ. లోడ్లు: కుదుపు, చక్రం అంచు దగ్గర పక్క బలం రెండు వైపులా, సందు దగ్గర ప్రయాణ దిశలో 200 న్యూటన్లు. మెష్ 2.5 మి.మీ. మార్చిన వరుసలు ఇవి:

```
mass_goal_ratio = 0.16
filter_list = [["simple", 6.0]]
```

మొదట తెలుసుకోవాలని కుదుపు ఒక్కటే ఇచ్చి చూశాను. మధ్యలో ఒకే ఒక వెన్ను వచ్చింది, అటూ ఇటూ ఏమీ లేదు. దాన్ని ప్రయాణ దిశలో తోసి చూస్తే ఊగులాడింది. అన్ని లోడ్లూ ఇచ్చాక ఆ వెన్ను రెండుగా చీలింది. ఇరుసు చుట్టూ దళసరి ఉంగరం, దాని నుంచి రెండు కాళ్లు విడిపోయి లోపలి బోల్టుల వైపు దిగాయి. తిరగేసిన పంగల కర్ర లాగా. నిలువు పలక స్థానంలో పల్చని పొర మిగిలింది. చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. బలం నడిచే దారి మొదటిసారి కంటికి కనిపించినట్టయింది.

కొండారెడ్డి బురుజు
ఇప్పుడు సరైన చోట ఉన్నారు. ఫిల్టర్ 6 మి.మీ. పెట్టడం మంచిదైంది. మెష్ సైజుకు అది రెండింతలకు తగ్గితే గళ్ల గళ్లుగా చిత్రాలు వస్తాయి, జనం వాటిని కాళ్లనుకుంటారు.

గీయడం మొదలుపెట్టే ముందు ఒక్కటి తేల్చుకోండి: కట్టర్ ఏ వైపు నుంచి దిగుతుంది? తక్కినవన్నీ దాన్నిబట్టే వస్తాయి. మీ కాళ్లు ఎదురుగా చూస్తే పక్కలకు విడిపోతున్నాయి. వాటిని తిన్నగా చేయక తప్పదని మీకు అనిపించవచ్చు. అక్కర్లేదు. కట్టర్ ఆ ఎదుటి నుంచే దిగితే, ఆ విడిపోవడం దానికి ఒక గీత మాత్రమే. వాలు గీత కోసినా తిన్నని గీత కోసినా ఖర్చు ఒకటే. కట్టర్ ఇరుసుకు అడ్డంగా ఉన్న తలంలో ఎన్ని వంపులైనా ఉచితం. కట్టర్ లోతు దిశలో వాలు మాత్రం ఖర్చు.

STLను వెనక నీడలాగా పెట్టుకోండి. ఎదుటి తలం మీద కాళ్ల మధ్య గీతలు మాత్రం గీయండి. మందం దాని నుంచి కొలవొద్దు. ఎక్కడ కోసి చూపించాలన్న హద్దు మారితే ఆ మందం కూడా మారిపోతుంది. 5 మి.మీ.తో మొదలుపెట్టి లెక్కతో సరిచేసుకోండి.

చిప్పుల మేస్త్రి
నా వంతు చెబుతాను. ఎదుటి నుంచి దిగితే కాళ్ల మధ్య గుంట లోతు 55 మి.మీ. ఉంటుంది. 10 మి.మీ. కట్టర్‌తో అంత లోతు అంటే అది అరుస్తుంది, గోడ మీద అలలు పడతాయి. నేను 16 పెడతాను. కాలు, అడుగు పలక కలిసే మూలకు 8 కాదు, 9 మి.మీ. వ్యాసార్ధం ఇవ్వండి. సరిగ్గా 8 ఇస్తే కట్టర్ మూలలో ఒక్క క్షణం ఆగి మొత్తం చుట్టుకొలతతో రాసుకుంటుంది. మచ్చ పడుతుంది. 9 ఇస్తే తిరుగుతూ వెళ్లిపోతుంది. కింద కాళ్ల మధ్య 34 మి.మీ.కు తగ్గకుండా చూడండి, చిప్పు బయటికి రావాలి.

గుంట అడుగున, అంటే కాలు నిలువు పలకను కలిసే చోట, మీరు అలవాటుగా 4 మి.మీ. ఫిల్లెట్ పెడతారు. అది నాకు గుండు కట్టర్‌తో గీత గీత పని. 1 మి.మీ. మూల ఉన్న మామూలు కట్టర్‌తో సరిపెట్టుకోగలరా? ఇక కాలు పైకి పోతూ సన్నబడే వాలు ఉంది కదా, దాన్ని ఎదుటి నుంచి మెట్లు మెట్లుగా కోయను. ముక్కను పక్కకు తిప్పి పట్టి ఒక్క ప్రొఫైల్‌తో తీసేస్తాను. మొత్తం మూడు సెటప్పులు. మూడింటికీ అడుగు ముఖమే ఆధారం.

హంద్రీ ఒడ్డు
ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. మేస్త్రి గారి 1 మి.మీ. మూల దగ్గర ఒత్తిడి తప్పక చూడాలి. ఆప్టిమైజేషన్ మొత్తం గట్టిదనం మాత్రమే చూసింది, ఒత్తిడి దాని లెక్కలో లేదు. మళ్లీ గీసిన ఆకారం వేరే వస్తువు. దాని మీద అన్ని లోడ్లూ మొదటి నుంచి వేయాలి.

ఫలితంలో ఎర్రగా కనిపించిన ప్రతిచోటా భయపడొద్దు. మెష్‌ను సగం సగం చేస్తూ మూడుసార్లు నడపండి. అంకె ఒకచోట నిలబడితే అది నిజమైన ఒత్తిడి. ప్రతిసారీ పెరుగుతూనే పోతే అది మీరు బిగించిన విధానం వల్ల పుట్టింది.

ఓర్వకల్లు వర్క్‌షాప్
గీశాను. అడుగు 5 మి.మీ., నిలువు పలక 4 మి.మీ., కాళ్లు 5 మి.మీ., ఇరుసు చుట్టూ ఉంగరం, బోల్టుల కింద దళసరి దిమ్మెలు. కాళ్ల చివర్లు ఏటవాలుగా పలకలో కలిపాను. బరువు 330 గ్రాములు. ఆప్టిమైజేషన్ ఇచ్చిన దానికంటే ఇరవై చిల్లర ఎక్కువ.

ఒరుగుదల 0.13 డిగ్రీలు. రిబ్బులతో సహా పాత బ్రాకెట్‌కు 0.12 వచ్చింది. మేడం చెప్పినట్టు మూడుసార్లు నడిపాను. కాలు కొన దగ్గర 31, 37, 38 మెగాపాస్కల్స్. నిలబడింది. బోల్టు రంధ్రం అంచు దగ్గర 52, 81, 127. అది ఆగేలా లేదు.

హంద్రీ ఒడ్డు
మొదటిది నమ్మండి. రెండోది రంధ్రం గోడను కదలకుండా కట్టేసినందువల్ల వచ్చింది. దాన్ని వదిలేయండి గానీ, బోల్టును వదిలేయొద్దు. ఒక్కో బోల్టు మీద పడే లాగుడు విడిగా కట్టి, బిగింపు దానికంటే ఎక్కువ ఉందో లేదో చూడండి.

నంద్యాల రోడ్డు
ముక్కకు రెండు కిలోల దిమ్మె కొని 330 గ్రాములు మిగిలిస్తున్నాం. మిగతాదంతా చిప్పులే. 5 మి.మీ. పలకలు కోసి వెల్డింగ్ చేస్తే?

చిప్పుల మేస్త్రి
వెల్డింగ్ వేడికి T6 గట్టిదనం కుట్టు పక్కనే బాగా పడిపోతుంది. పైగా పలక వంకర పోతుంది, మళ్లీ మిల్లింగ్‌కే రావాలి. ఒత్తిడి 38 మాత్రమే కాబట్టి బలానికి సరిపోవచ్చునేమో, వంకరకు మాత్రం నేను హామీ ఇవ్వను.

కొండారెడ్డి బురుజు
సంఖ్యను బట్టి ఉంటుంది. నలభై ముక్కలకైతే దిమ్మెలోంచి తీయడమే మేలు. వందల్లోకి పోతే పోత మంచిదని నా అభిప్రాయం. అప్పుడు కట్టర్ దిశ బదులు అచ్చు విడిపోయే దిశ చూసుకుని గోడలకు వాలు ఇచ్చి మళ్లీ గీయాలి. ఈ డ్రాయింగ్ దానికి పనికిరాదు. కాళ్ల దారి మాత్రం పనికొస్తుంది.

హంద్రీ ఒడ్డు
పోత విషయంలో నేను ఒప్పుకోను. పోత లోహంలో గాలి బొక్కలు ఉంటాయి. 4 మి.మీ. గోడలో ఒక్క బొక్క పడినా ఈ లెక్కలన్నీ మారిపోతాయి.

ఓర్వకల్లు వర్క్‌షాప్
మొదటి ముక్క మేస్త్రి గారి దగ్గర నుంచి వచ్చింది. తూకం 338 గ్రాములు. నాలుగింటికి కలిపి బండి మీద ఒక కిలో వంద గ్రాములకు పైగా తగ్గింది.

దాన్ని ఇనుప బల్లకు బిగించి, ఇరుసుకు పలక నుంచి 45 మి.మీ. దూరంలో 40 కిలోలు వేలాడదీసి, నిలువు పలక పైఅంచుకు డయల్ గేజి పెట్టాను. ఆ ఒక్క లోడుకు కంప్యూటర్ లెక్క 0.09 మి.మీ. గేజి 0.14 చూపించింది. మూడుసార్లు తీసి పెట్టినా అంతే. సగానికి సగం ఎక్కువ. మనసు కలత పడింది.

కొండారెడ్డి బురుజు
అడుగు పలక లోపలి అంచుకు కూడా గేజి పెట్టి చూడండి. లెక్కలో అడుగు కదలదు. నిజంలో బోల్టుల మధ్య కాస్త లేస్తుంది.

ఓర్వకల్లు వర్క్‌షాప్
పెట్టాను సార్. 0.02 మి.మీ. లేస్తోంది. 60 మి.మీ. వెడల్పుకు 0.02 అంటే, 105 మి.మీ. ఎత్తున ఉన్న గేజి దగ్గర 0.035 అవుతుంది. అది తీసేస్తే 0.105 మిగిలింది. లెక్కకు దగ్గరకు వచ్చింది.

అయితే బండి మీద మేము బిగించేది ఇనుప బల్ల లాంటి దిమ్మెకు కాదు, 3 మి.మీ. గోడ ఉన్న అల్యూమినియం గొట్టానికి. అది ఇంకెంత లేస్తుందో రేపు బండి మీదే బిగించి కొలుస్తాను. పాత బ్రాకెట్‌ను కూడా అదే గొట్టానికి పెట్టి పక్కపక్కనే చూస్తాను.

చిప్పుల మేస్త్రి
కొలిచాక చెప్పండి. అడుగు మందం 6 చేయాల్సి వస్తే రెండో ముక్క మొదలుపెట్టకముందే చెప్పండి. దిమ్మె ఇంకా వైస్‌లోకి ఎక్కలేదు.